చరిత్ర లేని కొమ్మ

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ మా బాపమ్మకు దాచకుండా చెప్పింది. గడ్డ తీస్తే మనిషి దక్కుతుంది, గొంతు దక్కదు. మెడ దగ్గర చిన్న రంధ్రం పెడతారు, ఇక ఊపిరి అక్కడి నుంచే.

మా బాపమ్మ పేరు బుచ్చవ్వ. కాగజ్‌నగర్ దాటాక మా ఊరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె బర్రెల వెంటే ఉంది. డాక్టరమ్మ చెప్పిందంతా విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మరి బర్రెలను ఎవరు పిలువాలె?"

"నేను పిలుస్త తియ్యే" అన్నాడు ఆమె కొడుకు, మా బాపు.

"నీ గొంతుకు నీ పెండ్లామే పలుకది, బర్రె పలుకుతదారా ఏలియా?"

డాక్టరమ్మ నవ్వింది. బాపు కూడా నవ్వి, బయటి వరండాలోకి పోయి గోడకు ముఖం పెట్టుకొని నిలబడ్డాడు.

నేను కరీంనగర్‌లో పాలిటెక్నిక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. అప్పటికి మాకు ప్రాజెక్టు ఏం చేయాలో తేలలేదు. ఇద్దరిద్దరికి ఒక ప్రాజెక్టు. నాతో ఉన్నది నవీన. నేను నలుగురిలో నోరు విప్పను కాబట్టి మా ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడుతుంది. బాపమ్మ అడిగిన ప్రశ్న నేను నవీనకు చెబితే, ఆమె నన్ను చెయ్యి పట్టుకొని దశరథం సార్ దగ్గరికి తీసుకుపోయింది.

"సార్, బ్లెస్సీ వాళ్ల బాపమ్మ బర్రెలను, మేకలను పిలిచే పిలుపులన్నీ రికార్డు చేసి వెబ్‌సైటు పెడతం సార్. ఒక్కో పిలుపుకు ఒక్కో పేజీ. నొక్కితే వినబడాలె."

సార్ నా వైపు చూశాడు. "ఎన్నుంటయమ్మా పిలుపులు?"

"చాన ఉంటయ్ సార్" అన్నాను. అంతకన్నా చెప్పలేకపోయాను.

ఆపరేషన్‌కు ముందు దొరికిన కొద్ది రోజులు నేను ఊళ్లోనే ఉన్నాను. దొడ్లో, వాగు ఒడ్డున, జొన్న చేను గట్టు మీద ఫోను పట్టుకొని బాపమ్మ వెనకాల తిరిగాను. నీళ్లలో పడుకున్న బర్రెను లేపే పిలుపు వేరు. దూడను పాలు కుడవడానికి విడిచేటప్పుడు వేరు. బర్రె పొదుగులోకి పాలు చేపడానికి గొంతులోనే తిప్పే సన్నటి రాగం వేరు. పిట్టలను తోలడానికి వేరు, దారి తప్పిన మేకకు వేరు. అడిగినప్పుడు చేసి చూపించమంటే ఆమెకు చేతనయ్యేది కాదు. "ఊకెనే ఎట్లొస్తదే? బర్రె కండ్ల ముంగట ఉండాలె" అనేది. అందుకే ఆ రికార్డుల నిండా గంటల చప్పుడు, నీళ్ల చప్పుడు, ఆమె తిట్లు, మధ్యలో దగ్గు. ఒక్కో ఫైలు చాలా పెద్దది. నా ఫోను ఇట్టే నిండిపోయేది. ఏ రోజువి ఆ రోజు ల్యాప్‌టాప్‌లో ధ్వని అనే ఫోల్డర్‌లోకి మార్చుకొని, ఫోనులోవి తీసేసేదాన్ని.

వాటిని రాయడానికి కూడా ప్రయత్నించాను. 'హోయ్' అని రాస్తే మూడు పిలుపులకు అదే వచ్చింది. మూడూ ఒకదానికొకటి దగ్గర కూడా ఉండవు. అక్షరాలతో అయ్యే పని కాదని అప్పుడే అర్థమైంది. అందుకే పేజీలో ఆ పిలుపు ఎప్పుడు, ఏ పశువుకు, ఎందుకు అన్నది మాత్రం రాసి, అడుగున వినడానికి బటను కోసం చోటు వదిలాను.

ఆపరేషన్ కరీంనగర్‌లోనే జరిగింది. నాలుగో రోజు నేను మంచం పక్కన కూర్చొని, రికార్డులు వినిపిద్దామని ల్యాప్‌టాప్ తెరిచాను. బాపమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మూత వేయమన్నట్టు సైగ చేసింది. తర్వాత కిటికీ అవతలకు, చాలా దూరానికి వేలు చూపించింది. ఇక్కడ కాదు, దొడ్లో అని.

బాపమ్మను ఇంటికి తీసుకుపోయాక బాపు ఫోన్ చేశాడు. ఆయనది బటన్ల ఫోను, దాంట్లోకి ఏమీ పంపలేం.

"బిడ్డా, సుక్కబర్రె నాతోని అసలే కాదు. పొద్దంత వాగుల్నే పడుకుంటది. పాలకు చేపుతలేదు. అమ్ముదామంటే బాపమ్మ కట్టె పట్టుకొని నా ఎంబడి పడ్డది. నువ్వు వచ్చి ఆమె గొంతు ఇనిపించెదాక అమ్మద్దట. సైగలతోనే నన్ను పిచ్చిపిచ్చి తిట్టింది."

"ఈ ఆదివారం వస్త బాపూ."

"ఆమెకే ఇస్తున్న, చెప్పు."

ఫోనులో గాలి చప్పుడు వినిపించింది. అది ఆమె. ఉఫ్‌ఫ్ అని పోతూ, ఆగి, మళ్లీ పోతూ ఉంది. "గొంతు తీసుకొనే వస్తున్న బాపమ్మా" అన్నాను. గాలి చప్పుడు కాసేపు ఎక్కువైంది.

శుక్రవారం మధ్యాహ్నం మా ప్రాజెక్టు చూడడానికి బయటి కాలేజీ నుంచి ఒక సారు రావాలి. ఆయన వచ్చేసరికి సైటు అందరికీ తెరుచుకోవాలని దశరథం సార్ చెప్పాడు. భోజనాలయ్యాక ల్యాబ్‌లో నా ల్యాప్‌టాప్ ముందు నవీన, పక్కన నేను. పేజీలన్నీ మామూలు అక్షరాల్లో రాసి, వాటిని వెబ్ పేజీలుగా మార్చే ఒక ప్రోగ్రాముతో తయారుచేసుకున్నాం. రాసినవీ, వాటిలో వచ్చిన ప్రతి మార్పూ గిట్ అనే ఇంకో ప్రోగ్రాము దాచిపెడుతుంది. ధ్వని ఫోల్డర్ మాత్రం గిట్‌లో లేదు. అంత పెద్ద ఫైళ్లను, మా సైటును నెట్‌లో ఉంచే గిట్‌హబ్ తీసుకోదు. అందుకని ఆ ఫోల్డర్ జోలికి పోవద్దని గిట్‌ఇగ్నోర్ అనే చిన్న ఫైలులో ఒక వరుస రాసి పెట్టాం. ముందు పేజీలు పెట్టేసి, తర్వాత ఒక్కో రికార్డును కత్తిరించి, చిన్నది చేసి కలపాలని అనుకున్నాం.

"మనం రాసింది మెయిన్ బ్రాంచిల ఉంటది" అంది నవీన. "తయారైన పేజీలను దాంట్ల కలిపితే అంత గందరగోళమైతది. అందుకే ఇంకో బ్రాంచి తియ్యాలె, చెట్టుకు ఇంకో కొమ్మ లెక్క. మామూలు బ్రాంచి కాదు, ఆర్ఫన్. ఎన్కట చరిత్ర ఏం ఉండది దానికి. పాపం, అవ్వా బాపూ లేని పోరి."

"మెయిన్‌కేం కాదు కదా?"

"ఏం కాదే. రెండిటికి సంబంధమే లేదు. నేను వీడియో రెండుసార్లు చూసిన."

ముందు జాగ్రత్తగా, తయారైన పేజీలున్న ఫోల్డర్‌ను డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసింది. తర్వాత `git checkout --orphan gh-pages` అని కొట్టింది. పేరు మారింది. చరిత్ర చూపించమంటే ఈ బ్రాంచిలో ఇంకా ఏమీ లేదని జవాబు వచ్చింది. కానీ ఫోల్డర్‌లో ఫైళ్లన్నీ అట్లాగే ఉన్నాయి.

"చరిత్ర పోయింది గని సామాను పోలే" అంది నవీన. "పాత కిరాయిదారు సామాను లెక్క. ఇప్పుడు బయటపడేయాలె."

`git rm -rf .` కొట్టింది. మేము రాసిన పేజీల పేర్లన్నీ వరుసగా పైకి పోయాయి. నేను నవీన ముఖంలోకి చూశాను.

"గవి మెయిన్‌ల ఉన్నయే పిల్లా, మల్ల వస్తయ్. అట్ల చూస్తవేంది?"

ఫోల్డర్‌లో ఇంకా కొన్ని మిగిలాయి. గిట్‌కు తెలియని తాత్కాలిక ఫైళ్లు, తయారైన పేజీల పాత ఫోల్డర్, ధ్వని. వాటిని ఊడ్చేయడానికి నవీన `git clean -fd` అని టైపు చేసింది, ఎంటర్ కొట్టలేదు.

"నవీనా, ధ్వని?" అన్నాను.

"అది ఇగ్నోర్‌ల ఉన్నది కదనే. ఇగ్నోర్ చేసినదాన్ని క్లీన్ ముట్టది. ముట్టాలంటే వెనకాల ఎక్స్ పెట్టాలె. నేను పెట్టలే, చూడు."

చూశాను. ఎక్స్ లేదు. ఆమె చెప్పింది నిజమే. ఎక్స్ లేకుండా కొడితే ఇగ్నోర్ చేసినవాటిని అది ముట్టుకోదు.

ఆమె ఎంటర్ కొట్టింది. చిటికెలో అయిపోయింది. తెర మీద మూడు నాలుగు వరుసలు వచ్చాయి. అప్పుడే దశరథం సార్ తలుపు దగ్గర నిలబడి, బయటి సారు వచ్చేశాడని చెప్పాడు. నవీన గబగబా డెస్క్‌టాప్ మీది పేజీలను తెచ్చి పెట్టింది, మొదటి కమిట్ చేసింది, గిట్‌హబ్‌కు పంపింది, సెట్టింగుల్లో ఆ బ్రాంచిని చూపించింది. కాసేపటికి సైటు తెరుచుకుంది. పచ్చటి అంచు, పైన బాపమ్మ పేరు, కింద పిలుపుల జాబితా.

బయటి సారు పెద్ద వయసాయన. ప్రతి పేజీ చదివాడు. "మా ఇంట్ల గిట్ల పిలిచేటోళ్లు ఉండె" అన్నాడు. "వినడానికి ఎప్పుడు పెడుతున్నరు?"

"వచ్చే వారం సార్" అంది నవీన.

ఆయన మార్కులు ఏమేశాడో తెలియదు కాని పోతూ పోతూ నా తల మీద చెయ్యి పెట్టాడు. నవీన సంతోషంతో బెంచీ మీద దరువు వేసింది. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చొని మెయిన్‌కు మారాను. నవీన చెప్పినట్టే రాసినవన్నీ తిరిగి వచ్చాయి. ఒక్క అక్షరం కూడా పోలేదు. గిట్‌ఇగ్నోర్ ఫైలు కూడా వచ్చింది. తెరిచి చూస్తే దాంట్లో ధ్వని ఫోల్డర్‌ను ముట్టవద్దన్న వరుస అట్లాగే ఉంది.

ధ్వని ఫోల్డర్ లేదు.

నేను కిందికీ పైకీ చూశాను. వేరే ఫోల్డర్లలో చూశాను. తీసేసినవి పడే చెత్తడబ్బాలో చూశాను. టెర్మినల్ పైకి జరిపితే, ఇందాక మేం చదవని ఆ నాలుగు వరుసల్లో ధ్వనిని తీసేస్తున్నట్టు ఒక వరుస ఉంది.

నవీన దరువు ఆపింది. "ఏమైందే?"

నేను తెర చూపించాను. ఆమె చదివింది. మళ్లీ చదివింది. "కాదు, ఎక్స్ పెట్టలే నేను. పెట్టలే. నువ్వు కూడ చూసినవ్ కదా!"

దశరథం సార్ వచ్చి కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ఏమేం కొట్టామో వరుసగా చదివాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"ఎక్స్ పెట్టలే, నిజమే. కని అంతకుముందు ఆర్ఎం కొట్టిన్రు కదమ్మా. ఆర్ఎంతోని గిట్ దగ్గరున్న ఫైళ్లన్నీ పోయినయ్. గిట్‌ఇగ్నోర్ కూడ గిట్ దగ్గర ఉన్నదే కదా, అది కూడ పోయింది. ముట్టద్దని చెప్పేదే లేకపాయె. ఇగ క్లీన్‌కు ధ్వని ఉత్త చెత్త లెక్క కనబడ్డది."

"వాపస్ తెద్దాం సార్" అంది నవీన. "గిట్‌ల ఏది పోదు అంటరు కదా సార్. రెఫ్‌లాగ్ అని ఉంటది, ఇంకేదో ఉంటది..."

"దానికి ఇచ్చినది పోదు. మీరు ఇది దానికి ఎన్నడన్న ఇచ్చిన్రా?"

నవీన తెర మీద గిట్‌ఇగ్నోర్‌లోని ఆ వరుస మీద వేలు పెట్టింది.

"గీ పని వేరే ఫోల్డర్‌ల చేసుకుంటే అయిపోయేది" అన్నాడు సార్ తనలో తాను అనుకున్నట్టు. వెంటనే నా ముఖం చూసి ల్యాప్‌టాప్ మూశాడు.

ఒక్క ఆజ్ఞతో ఎన్నిసార్లయినా మళ్లీ తయారుచేసుకోగల పేజీలకు మేము కాపీ తీశాం. వాటిని డెస్క్‌టాప్ మీద భద్రంగా పెట్టాం.

సార్ నన్ను తన బండి మీద ఎక్కించుకొని, నవీనను ఆటోలో రమ్మని, టవర్ సర్కిల్ దగ్గర పోయిన డేటా తీసే ఒక దుకాణానికి పోయాడు. ఆ అన్న ల్యాప్‌టాప్ విప్పి, డిస్క్ తీసి చూశాడు.

"పాత తిరిగే డిస్క్ అయితే ఆశ ఉండె సార్. గిది కొత్త రకం. తుడిసినంక ఖాళీ జాగ మొత్తం అదే సాఫ్ చేసుకుంటది. ప్రయత్నం చేస్త."

మేం బల్ల మీద కూర్చున్నాం. నవీన నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపటికి ఆ అన్న పిలిచాడు. తెర మీద కొన్ని ఫైళ్లు ఉన్నాయి, నేను పెట్టిన పేర్లతోనే. వాగు పిలుపు. దూడ పిలుపు. సుక్కబర్రె పాలు. నేను లేచి నిలబడ్డాను.

"పేర్లే దొరికినయమ్మా" అన్నాడు ఆయన. ఒకదాన్ని నొక్కాడు. అది మొదలవనే లేదు. ఇంకోటి నొక్కాడు. "లోపలంత సున్నలే."

ఆయన పైసలు తీసుకోలేదు.

ఫోనులో కూడా వెతికించాం. అవి తీసేసిన తర్వాత నేను క్లాసు నోట్సు ఫోటోలు ఎన్నో తీశాను, అవన్నీ వాటి చోటులోనే పడ్డాయి. ఏమీ మిగలలేదు. వాట్సాప్‌లో చూశాను. బాపమ్మ మాట ఒక్కటి కూడా లేదు. ఆమెతో ఎప్పుడు మాట్లాడినా బాపు బటన్ల ఫోనులోనే మాట్లాడాను.

హాస్టల్‌కు వచ్చాక నవీన నా మంచం మీద కూర్చొని ఏడ్చింది.

"నువ్వు అడిగినవ్. అడిగినవ్ కదనే. నేనే నోరు మూపిచ్చిన. ఒక్కసారి తిట్టరాదే నన్ను. కొట్టు."

నాకు తిట్టడానికి ఏమీ దొరకలేదు. నేను అడిగాను, ఆమె తనకు తెలిసిన నిజం చెప్పింది, నేను చూసి నమ్మాను. ఎక్కడా చెడ్డ మాట లేదు. తిట్టుకోవడానికి ఎవరైనా ఉంటే కొంచెం బాగుండేది అనిపించింది. గోడ వైపు తిరిగి పడుకున్నాను. నవీన వెనకాల కూర్చొనే ఉంది.

ఆదివారం పెద్దపల్లిలో రైలెక్కాను. నవీన వస్తానంది, వద్దన్నాను. దారి పొడుగునా ఎట్లా చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. మంచిర్యాల దాటాక ఒక మాట దొరికింది, బెల్లంపల్లి వచ్చేసరికి అది పనికిరాదని తెలిసింది. పాడైపోయింది అనాలా, పోగొట్టాం అనాలా? ఇంకా కొన్ని రోజులు పడుతుంది అంటే నమ్ముతుంది. ఆ మాట కాగజ్‌నగర్‌లో దిగేదాకా నోట్లోనే ఉంది.

ఇంటికి పోయేసరికి బాపమ్మ దొడ్లో ఉంది. మెడకు తెల్ల గుడ్డ కట్టుకుంది. స్నానం చేసి, చర్చికి కట్టుకునే చీర కట్టుకుంది. సుక్కబర్రెను వాగు నుంచి బాపు కొట్టి తోలుకొచ్చినట్టుంది, దాని వీపు మీద కట్టె దెబ్బలున్నాయి. నన్ను కన్న అవ్వ పాల చెంబు కడిగి పట్టుకొని నిలబడింది.

"ఇగో, పెద్ద తయ్యారైంది నీ బాపమ్మ" అన్నాడు బాపు. "పొద్దుగాల నుంచి తిండి లేదు ఏం లేదు. సైగలే సైగలు. పెట్టు బిడ్డా, జల్ది పెట్టు. గీ బర్రెతోని పరేషాన్ అయితున్న."

బాపమ్మ నా ముందుకు అరచెయ్యి చాపింది.

నేను సంచి కింద పెట్టాను. ఇంకా కొన్ని రోజులు అన్న మాట రాలేదు. "లేదు బాపమ్మా. పోయింది" అన్నాను.

"ఏం పోయింది?" అన్నాడు బాపు.

"అన్ని పోయినయ్. ఒక్కటి లేదు."

"గదేంది బిడ్డా, కంప్యూటర్ల పెట్టినది ఎటు పోతది? ఇంకోపారి చూడు."

"చూసిన బాపూ. సార్ చూసిండు. దుకాణపోళ్లు చూసిన్రు. తుడుసుకపోయింది. మల్ల రాదు."

బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ చెంబు కింద పెట్టింది. బాపమ్మ చెయ్యి ఇంకా నా ముందు చాపే ఉంది. ఆమెకు అర్థం కాలేదేమోనని ఫోనులో సైటు తెరిచి ఆమె చేతిలో పెట్టాను. పైన ఆమె పేరు ఉంది. ఆమెకు చదువు రాదు. తెర మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపింది, చెవి దగ్గర పెట్టుకుంది. దూరం జరిపి చూసి, మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత ఫోను నా చేతిలో పెట్టి, నా వేళ్లను దాని చుట్టూ తనే మూసింది.

ఆమె నోరు తెరిచింది. మెడ దగ్గరి గుడ్డ లోపలికి పోయి బయటికి వచ్చింది. గాలి తప్ప ఏమీ రాలేదు. బర్రె తోక ఊపుకుంటూ నిలబడి ఉంది.

నాకు గుర్తున్నంత వరకు నేనే పిలిచాను, ఆ పాల రాగాన్ని. బాపమ్మ వెంటనే నా వైపు తిరిగి, కాదని చెయ్యి ఊపింది. నా కడుపు మీద చెయ్యి వేసి నొక్కింది, ఇక్కడి నుంచి అన్నట్టు. మళ్లీ పిలిచాను. కాదు. గడ్డం పట్టుకొని కిందికి వంచింది. మళ్లీ. కాదు. వేలితో గాలిలో ఒక గీత గీసింది, పైకి పోయి వంకర తిరిగి కిందికి. ఆ గీత ఏం చెబుతుందో నాకు తెలియలేదు. ఎన్నో గంటలు ఆమె వెనకాల తిరిగాను కాని అప్పుడు నేను వినలేదు. ఫోను వింటుంది కదా అని పట్టుకొని నిలబడ్డాను.

మళ్లీ పిలిచాను. మళ్లీ పిలిచాను. ఒక్కసారి కూడా దగ్గరికి రాలేదని నాకే తెలుస్తూ ఉంది. సుక్కబర్రె చెవి కూడా కదపలేదు.

బాపమ్మ నన్ను చాలాసేపు చూసింది. నా కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, అయినా పిలుస్తూనే ఉన్నాను. అప్పుడు ఆమె నా చెంప మీద చెయ్యి పెట్టింది. తల ఊపింది. అవును, అదే, వచ్చింది అన్నట్టు.

రాలేదు. ఆమెకూ తెలుసు.

తర్వాత బాపు వైపు తిరిగి, పలుపు విప్పమని సైగ చేసింది. పశువుల అంగడి ఉన్న దిక్కుకు చెయ్యి చూపించింది.